150 ఏహెచ్ బ్యాటరీ మూడున్నర గంటలకే ఎందుకు ఆగుతుంది?

హన్మకొండలో ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే దుకాణాల్లో ఎండాకాలం వచ్చిందంటే ఒక తగాదా తప్పకుండా నడుస్తుంది. కాజీపేటలో మూడు గదుల ఇల్లున్న ఒక రిటైర్డ్ సారు దుకాణంలో అడిగిన తీరు ఇట్లా ఉంది: "తమ్మీ, 150 ఏహెచ్ బ్యాటరీ అని ఇస్తివి. లెక్క ప్రకారం ఐదు గంటలు రావాలె. మూడున్నరకే కూత పెట్టి బందైతున్నది. ఇంకా ఆర్నెల్లు గూడ కాలె." దుకాణంలోని పిల్లగాడు తొణకలేదు. "బ్యాటరీ మంచిగనే ఉన్నది సార్. స్టిక్కర్ మీద 150 పక్కన చిన్నగ సి20 అని ఉంటది, చూసిండ్రా?"

సారు లెక్క తప్పని అనలేం. మూడు ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు. ఐదు ఎల్ఈడీ బల్బులు, తొమ్మిదేసి వాట్లు. వైఫై రూటర్‌కు పది, ఫోన్ ఛార్జర్‌కు పది. మొత్తం 290 వాట్లు. ఇన్వర్టర్ తన దగ్గర కొంత తినేస్తుందని కూడా ఆయనకు తెలుసు, అందుకే 80 శాతమే బయటికి వస్తుందనుకొని భాగించారు. అంటే బ్యాటరీ నుంచి 362 వాట్లు లాగాలి. పన్నెండు వోల్టులతో భాగిస్తే దాదాపు 30 ఆంపియర్లు. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, ఆంపియర్లను గంటలతో హెచ్చిస్తే వచ్చేది. కాబట్టి 150ని 30తో భాగిస్తే ఐదు గంటలు. ఆఖరి భాగహారం దాకా అంతా సరైనదే. ఆ ఆఖరి భాగహారమే చెల్లదు. 150 అనేది బ్యాటరీలో పోసి పెట్టిన సరుకు కొలత అనుకుని ఆయన భాగించారు. అది ఒక పరీక్షలో వచ్చిన ఫలితం మాత్రమే.

ఆ పరీక్ష ఇది. బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేస్తారు. 27 డిగ్రీల దగ్గర ఉంచుతారు. 7.5 ఆంపియర్లు ఎక్కువ తక్కువ కాకుండా లాగుతూ పోతారు. వోల్టేజీ 10.5కు దిగగానే ఆపుతారు. అక్కడికి ఇరవై గంటలు పడితే, 7.5ను 20తో హెచ్చించి 150 అని అచ్చేస్తారు. సి20లోని 20 ఆ ఇరవై గంటలే. కార్లకూ లారీలకూ వేసే బ్యాటరీల్లో ఇరవై గంటల లెక్క పాత వాడుక. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లాంటి చోట్ల, ఇప్పుడు సోలార్ బ్యాటరీల్లో, పది గంటల లెక్క నడుస్తుంది. దాన్నే సి10 అంటారు. ఇంట్లో ఇన్వర్టర్ ఎవరూ 7.5 ఆంపియర్లతో, అంటే 70 వాట్ల చిల్లర లోడుతో, ఇరవై గంటలు నడపరు. అయినా స్టిక్కర్ మీద వచ్చేది ఆ అంకెనే. నిజం చెప్పాలంటే, పెద్దగా కనబడేది కాబట్టే వస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. నాలుగు రెట్లు వేగంగా లాగితే గంటలు నాలుగో వంతు కావాలి కదా, ఇంకా తక్కువ ఎందుకవుతాయి? మిగతాది ఎక్కడికి పోయింది?

దీనికి ప్లేట్ల లోపలికి చూడాలి. పాజిటివ్ వైపు లెడ్ డయాక్సైడ్, నెగెటివ్ వైపు మెత్తని సీసం, మధ్యలో నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆసిడ్. మిగతా చాలా రకాల బ్యాటరీలకూ దీనికీ ఉన్న తేడా ఏమిటంటే, ఇక్కడ ఆసిడ్ కేవలం దారి మాత్రమే కాదు, అది కూడా సరుకే. బ్యాటరీ దిగుతున్నకొద్దీ ఆసిడ్‌లోని సల్ఫేట్ రెండు ప్లేట్లలోకీ పోయి లెడ్ సల్ఫేట్‌గా మారుతుంది, బదులుగా నీళ్లు పుడతాయి. ఆసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌లో గ్రావిటీ పడిపోయేది అందుకే. ఒక్కో సెల్లులో ఒక ఆంపియర్ అవర్‌కు 3.66 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆసిడ్ ఖర్చవుతుంది. 150 ఏహెచ్ పూర్తిగా రావాలంటే ప్రతి సెల్లూ 549 గ్రాములు తినాలి. అలాంటి సెల్లులు ఆరు.

ఆ ఆసిడ్‌లో ఎక్కువ భాగం ప్లేట్ల మధ్య ఖాళీలో, ప్లేట్ల పైనా కిందా ఉంటుంది. పని జరిగేది మాత్రం ప్లేటు పదార్థంలోని సన్నని రంధ్రాల గోడల మీద. ట్యూబులర్ బ్యాటరీలో అయితే ఈ పదార్థం గుడ్డ గొట్టాల్లో కూరి ఉంటుంది, నడుమ సీసం కడ్డీ ఉంటుంది. బయటి ఆసిడ్ ఆ గుడ్డ దాటి, రంధ్రాలు దాటి లోపలికి ఊరాలి. ఊరడానికి టైము పడుతుంది. ఎవరూ దాన్ని తోయరు, పంపు చేయరు. చిక్కని చోటి నుంచి పల్చని చోటికి తనంతట తాను జరుగుతుంది, అంతే.

మన దిక్కు వ్యవసాయ బావి నడిపినవాళ్లకు ఇది చెప్పాల్సిన పనిలేదు. ఊట ఉన్న బావికి చిన్న మోటరు పెడితే పొద్దంతా పోస్తుంది. పెద్ద మోటరు బిగిస్తే గంటన్నరలో నీళ్లు ఫుట్‌వాల్వ్ కిందికి జారి మోటరు గాలి పీలుస్తుంది. భూమిలో నీళ్లు లేక కాదు, ఊట మోటరు అంత వేగంగా రాలేక. మోటరు బందు పెట్టి వస్తే తెల్లారేసరికి బావి మళ్లీ నిండి ఉంటుంది.

7.5 ఆంపియర్లు లాగినప్పుడు రంధ్రాల్లో ఖర్చయిన ఆసిడ్ స్థానంలో కొత్తది ఊరుతూనే ఉంటుంది. ప్లేటు లోపలి దాకా పని జరుగుతుంది. 30 ఆంపియర్లు లాగినప్పుడు లోపలి ఆసిడ్ పల్చబడిపోతుంది, అక్కడ దాదాపు నీళ్లే మిగులుతాయి. అప్పుడు పని అంతా ప్లేటు పైపొరకు మారుతుంది, ఎందుకంటే ఆసిడ్ అందేది అక్కడే. ఇక్కడ రెండో చిక్కు మొదలవుతుంది. పుట్టిన లెడ్ సల్ఫేట్ ముందున్న పదార్థం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లెడ్ డయాక్సైడ్‌తో పోలిస్తే దాదాపు రెండింతలు, సీసంతో పోలిస్తే రెండున్నర రెట్లకు పైన. పైపొరలోనే ఇది గుట్టగా పేరుకుంటే రంధ్రాల మూతులు మూసుకుపోతాయి. అసలే ఆసిడ్ రావడం కష్టం, ఇప్పుడు దారి కూడా ఇరుకు. పైగా లెడ్ సల్ఫేట్‌కు కరెంట్ పారదు. లోపల ఖర్చు కాని పదార్థం బోలెడు మిగిలి ఉండగానే వోల్టేజీ కూలడం మొదలవుతుంది, 10.5 తాకుతుంది, ఇన్వర్టర్ కూత పెడుతుంది.

వీటికి తోడు మామూలు రెసిస్టెన్స్ నష్టం ఒకటుంది. ఎక్కువ ఆంపియర్లు పారితే టెర్మినల్ దగ్గర వోల్టేజీ కొంచెం ఎక్కువ తగ్గుతుంది, కాబట్టి 10.5 గీతను కొంచెం ముందే దాటుతుంది. టెర్మినల్ మీద తెల్లగా బూజు పట్టి ఉంటే, వైరు కొసన ఉండే లగ్గులు వదులుగా ఉంటే ఇది ఇంకా పెరుగుతుంది. కానీ మంచి కనెక్షన్లున్న కొత్త బ్యాటరీలో, ఇంటి లోడు దగ్గర, పెద్ద వాటా ఆసిడ్ ఊటదే.

ఈ తగ్గుదలకు ఒక లెక్క ఉంది. జర్మనీకి చెందిన విల్హెల్మ్ ప్యూకర్ట్ 1897లో లెడ్ ఆసిడ్ బ్యాటరీలను రకరకాల వేగాల్లో దింపి చూసి ఒక సూత్రం ఇచ్చాడు. మన బ్యాటరీకి దాన్ని ఇలా రాయొచ్చు, `I` అంటే లాగే ఆంపియర్లు, `t` అంటే వచ్చే గంటలు:

```
t = 20 × (7.5 / I)^1.25
```

చివరి 1.25 బ్యాటరీని బట్టి మారుతుంది. ఆసిడ్ పోసే రకాల్లో సాధారణంగా 1.2కు పైనే ఉంటుంది, పాతబడ్డకొద్దీ పెరుగుతుంది. అది 1 అయి ఉంటే సారు భాగహారం అక్షరాలా నిజమయ్యేది. 1.25 తీసుకుంటే ఒక సుళువు ఉంది: ఆంపియర్లు రెట్టింపైన ప్రతిసారీ వచ్చే ఏహెచ్ సుమారు 16 శాతం తగ్గుతుంది. 7.5 ఆంపియర్ల దగ్గర 150. 15 దగ్గర 126, అంటే 8 గంటల 25 నిమిషాలు. సారు ఇంటి 30 ఆంపియర్ల దగ్గర 106, అంటే మూడు గంటల 32 నిమిషాలు. ఇంట్లో మిక్సీ, టీవీ, ఫ్రిజ్ అన్నీ కలిపి 60 ఆంపియర్లు లాగితే 89, గంటన్నర. దుకాణం పిల్లగాడికి ఈ సూత్రం తెలియకపోవచ్చు, కానీ "మూడున్నర వస్తే మంచిగనే ఉన్నట్టు" అని అతడు అనుభవంతో చెప్పిన మాట దీంతో సరిపోతుంది.

ఈ సూత్రాన్ని మరీ నమ్మి రెండు కొసలకూ లాగకూడదు. 0.1 ఆంపియర్ లాగితే 441 ఏహెచ్ వస్తుందని చెబుతుంది. అంత పదార్థం ఆ డబ్బాలోనే లేదు, పైగా అంత నెమ్మదిగా దించేలోపు బ్యాటరీ తనంతట తాను కొంత దిగిపోతుంది. ఇంటి లోడులు ఉండే 7 నుంచి 60 ఆంపియర్ల మధ్య అయితే మనకు కావాల్సినంత దగ్గరగా చెబుతుంది.

ఇక చాలామంది, కొందరు ఎలక్ట్రీషియన్లు కూడా, పొరబడే చోటు ఒకటుంది. 150లో 106 మాత్రమే వచ్చింది కాబట్టి 44 ఏహెచ్ వేడిగానో ఇంకెలాగో తగలబడిపోయిందని అనుకుంటారు. అదేమీ పోలేదు. 106 ఏహెచ్‌కు ఒక్కో సెల్లులో ఖర్చయిన ఆసిడ్ 388 గ్రాములే. మిగతా 161 గ్రాములు అక్కడే ఉన్నాయి, సమయానికి ప్లేటు లోపలికి చేరలేదు, అంతే. దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఇన్వర్టర్ కటాఫ్ అయిన వెంటనే దాన్ని ఆపేసి, టెర్మినళ్ల మీద మల్టీమీటర్ పెట్టండి. లోడు పోగానే అంకె ఎగురుతుంది, అది రెసిస్టెన్స్ వాటా. తర్వాత నిమిషాల తరబడి మెల్లమెల్లగా పైకి పాకుతూనే ఉంటుంది, అది ఊట. గంట తర్వాత చూస్తే 12 వోల్టుల దగ్గరికి వచ్చి ఉంటుంది. అదే బ్యాటరీని 7.5 ఆంపియర్లతో 10.5 దాకా దించి ఉంటే అంత పైకి రాదు, 12కు కిందే ఆగిపోతుంది. మొదటిది అలసిన బ్యాటరీ, రెండోది నిజంగా ఖాళీ అయింది.

అందువల్ల కొన్ని ఆచరణ విషయాలు తేలుతాయి. కరెంట్ గంటసేపే పోయి వస్తే, 30 ఆంపియర్ల లోడుకు బ్యాటరీ నుంచి పోయింది 30 ఏహెచ్ మాత్రమే. సూత్రం పేరు చెప్పి దాన్ని 42గా లెక్కవేయాల్సిన అవసరం లేదు. కరెంట్ వచ్చాక తిరిగి నింపాల్సింది కూడా ఆ 30, పైన ఛార్జింగ్‌లో వృథా అయ్యే కొంత. సి20, సి10 గొడవ అంతా బ్యాటరీ కటాఫ్ దాకా దిగినప్పుడే కనబడుతుంది. గాలివానకు చెట్టు విరిగి లైన్ల మీద పడి ఊరంతా చీకటైన రాత్రి దీని సంగతి తెలుస్తుంది.

ఇంకొకటి కొంచెం తలకిందులుగా అనిపిస్తుంది. మామూలు ఇన్వర్టర్ కటాఫ్ వోల్టేజీ లోడును బట్టి మారదు. బరువైన లోడు మీద ఆ గీత ముందే తగులుతుంది కాబట్టి ప్లేట్లలో ఇంకా మిగులు ఉండగానే బ్యాటరీ ఆగుతుంది. ఒక బల్బు, రూటర్ పెట్టి రోజుల తరబడి నడిపితే ఆ గీత తాకేసరికి లోపల నిజంగానే ఏమీ ఉండదు. తక్కువ లోడే కదా, బ్యాటరీకి సుఖమే కదా అనుకుంటాం. కటాఫ్ దాకా తీసుకుపోతే దానికే ఎక్కువ దెబ్బ. ఆ స్థితిలో ఒకటి రెండు రోజులు ఛార్జ్ లేకుండా వదిలేస్తే సల్ఫేట్ గట్టి పలుకులుగా మారి మళ్లీ పూర్తిగా కరగదు. చిన్న లోడు మీద నడుపుతుంటే 11.6, 11.7 వోల్టుల దగ్గర మనమే ఆపేయడం మేలు.

సారు సమస్యకు మందు లోడు దగ్గరే ఉంది. మూడు పాత ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే మొత్తం లోడు 290 నుంచి 155 వాట్లకు దిగుతుంది, బ్యాటరీ మీద 16 ఆంపియర్లు. లోడు సగం కన్నా కాస్త ఎక్కువే ఉంది, గంటలు మాత్రం మూడున్నర నుంచి ఏడు గంటల నలభై నిమిషాలకు, రెండింతలు దాటి పెరుగుతాయి. ఆచరణలో దీంట్లో కొంత కోత పడుతుంది. చిన్న లోడు దగ్గర ఇన్వర్టర్ సొంత ఖర్చు వాటా పెరుగుతుంది, 80 శాతం అనుకున్నది ఇంకొంచెం తగ్గుతుంది. ఏడు గంటలు వచ్చినా లాభమే. ఇంకో బ్యాటరీ కొనడం కన్నా ఫ్యాన్లు మార్చడమే చవక అని నా అభిప్రాయం, దుకాణంవాళ్లకు నచ్చకపోవచ్చు. రెండో బ్యాటరీ కొన్నా ఇదే లెక్క మనవైపు పనిచేస్తుంది. 12 వోల్టుల ఇన్వర్టర్‌కు ప్యారలల్‌గా కలిపినా, 24 వోల్టుల ఇన్వర్టర్‌కు సిరీస్‌లో కలిపినా, ఒక్కో బ్యాటరీ మీద 15 ఆంపియర్లే పడతాయి. మూడున్నర గంటలు ఏడు కాదు, ఎనిమిదిన్నరకు దగ్గరవుతాయి. అయితే రెండూ ఒకే వయసువి, ఒకే రకంవి కావాలి. పాతదాని పక్కన కొత్తది పెడితే పాతది కొత్తదాన్ని కూడా ముంచుతుంది.

కొనేటప్పుడు రెండు స్టిక్కర్లను పోల్చాలంటే ముందు గంటలు ఒకటి చేయాలి. 150 ఏహెచ్ సి20 బ్యాటరీ పది గంటల లెక్కలో సుమారు 130 అవుతుంది. 150 ఏహెచ్ సి10 అని ఉన్నది ఇరవై గంటల లెక్కలో 172 దాకా వస్తుంది. అంకె ఒకటే అయినా రెండో దాంట్లో సీసం ఎక్కువ, బరువు ఎక్కువ, ధర ఎక్కువ. సి10 పరీక్షను తరచు 10.8 వోల్టుల దగ్గరే ఆపుతారు కాబట్టి తేడా ఇంకొంచెం పెరుగుతుంది కూడా. రెండింటినీ పక్కపక్కన పెట్టి "ఇది సోలార్ పేరు చెప్పి ధర పెంచిండ్రు" అనడం అన్యాయం. ఒకవేళ స్టిక్కర్ మీద ఎన్ని గంటల లెక్కో రాయనే లేదంటే, బరువు అడగండి, ఆసిడ్ పోసినంక ఎంత అని.

బ్యాటరీ స్టిక్కర్ మాట నిలబెట్టుకుంటుందా అని అనుమానం ఉంటే సొంతంగా చూసుకోవచ్చు, కానీ ఓపిక కావాలి. దుకాణంలో లోడ్ టెస్టర్ పది సెకన్లు నొక్కి చూపించే ముల్లు ఏహెచ్ చెప్పదు. బాగా చెడిన సెల్లును పట్టుకుంటుంది, అంతే. బ్యాటరీని పూర్తిగా ఛార్జ్ చేసి, ఇన్వర్టర్ నుంచి తీసేసి, కారు హెడ్‌లైట్‌కు వేసే 55 వాట్ల బల్బు, బైకుకు వేసే 35 వాట్ల బల్బు నేరుగా టెర్మినళ్లకు కలపండి. రెండూ కలిపి ఏడున్నర ఆంపియర్లకు చాలా దగ్గరగా లాగుతాయి. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఉంటే సరిచూసుకోవచ్చు. బల్బులు వేడెక్కుతాయి, గుడ్డలకూ ప్లాస్టిక్‌కూ దూరంగా, గాలి తగిలే చోట పెట్టాలి. పొద్దున ఆరింటికి మొదలుపెడితే రాత్రి ఎనిమిది నుంచి గంటకోసారి వోల్టేజీ చూడాల్సి వస్తుంది, ఎందుకంటే చివర్లో అది నిదానంగా కాదు, జారిపడినట్టు దిగుతుంది. 10.5 తాకగానే తీసేసి వెంటనే ఛార్జ్‌కు పెట్టాలి.

వోల్టేజీ దిగుతున్నకొద్దీ బల్బులు లాగే కరెంట్ కూడా కాస్త తగ్గుతుంది కాబట్టి, గంట గంటకూ క్లాంప్ మీటర్ అంకె రాసి కలిపితేనే సరైన ఏహెచ్ వస్తుంది. చలికాలం తెల్లవారుజామున గది చల్లబడితే ఆసిడ్ ఇంకా మెల్లగా ఊరుతుంది, నాలుగైదు శాతం తక్కువ వచ్చినా కంగారు వద్దు. సరికొత్త బ్యాటరీ కూడా మొదటి కొన్ని ఛార్జ్ డిశ్చార్జ్‌లు అయ్యేదాకా పూర్తి అంకె చూపదు. నాలుగు నెలలు వాడిన తర్వాత చేసిన పరీక్షలో 145 వస్తే స్టిక్కర్ నిజమే చెప్పినట్టు. 120కి కింద పడితే, అంటే రాసినదాంట్లో 80 శాతం కన్నా తక్కువైతే, ఆ బ్యాటరీ వారంటీ కార్డు వెతకాల్సిందే. అప్పుడు దుకాణంలో "ఐదు గంటలు రాలె" అని కాకుండా, "ఏడున్నర ఆంపియర్ల మీద 10.5కు పదిహేను గంటల్లోనే దిగింది" అని చెబితే వాళ్లకు మాట మార్చే సందు ఉండదు.